పిడికిట్లో వెచ్చబడ్డ చెవి మందు

చెవిలో మందు అనగానే పిల్లలు పేచీ పెడితే మందు మండుతోందేమో అనుకుంటాం. చాలాసార్లు అసలు గొడవ చల్లదనంతోనే. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా, లేదా రాత్రంతా ఏసీ గదిలో ఉన్న సీసా మూత తీసి నేరుగా చెవిలో చుక్కలు వేస్తే బిడ్డ ఉలిక్కిపడుతుంది. ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది కూడా. ఒకసారి అలా అయిన పిల్లలు మర్నాడు సీసా కనబడగానే ఏడుపు అందుకుంటారు.

చెవిలో చల్లదనానికి కళ్లెందుకు తిరగాలి? వియన్నాలో రాబర్ట్ బరానీ అనే చెవి వైద్యుడు రోగుల చెవులు నీళ్లతో కడుగుతున్నప్పుడు ఇదే గమనించాడు. నీళ్లు చల్లగా ఉన్నా, మరీ వేడిగా ఉన్నా వాళ్లకు తల తిరిగేది, కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకునేవి. చల్లనీళ్లకు ఒక దిక్కుగా, వేడినీళ్లకు దానికి ఎదురు దిక్కుగా. లోపలి చెవిలో మనల్ని పడిపోకుండా నిలబెట్టే సన్నని గొట్టాలున్నాయి, వాటిలో ద్రవం ఉంటుంది. బయటి నుంచి చలి తగిలితే ఆ ద్రవం ఒకవైపు బరువెక్కి కదులుతుంది. తల కదలకపోయినా తిరుగుతున్నట్టు మెదడుకు కబురు వెళుతుంది. ఈ పరిశోధనలకే బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. శరీరపు వేడికి దగ్గరగా ఉన్న మందుతో ఈ తంటా ఉండదు.

ఆ వేడి మన చేతిలోనే ఉంది. మూత బిగించిన సీసాను ఒకటి రెండు నిమిషాలు పిడికిట్లో పట్టుకుంటే చాలు. ఫ్రిజ్‌లోంచి తీసినదైతే ఇంకాసేపు. వేడినీళ్ల గిన్నెలో ముంచడం, మైక్రోవేవ్‌లో పెట్టడం వద్దు. లోపల మందు ఎంత కాగిందో పైకి తెలియదు, చెవి కాలుతుంది. కుదిపి వాడమని సీసా మీద ఉంటే అప్పుడే కుదపాలి. చివరకు ఒక చుక్క మన మణికట్టు మీద వేసుకుని చూస్తే సరి: చల్లగానూ వేడిగానూ అనిపించకూడదు.

ఇక ఒక నాలుగేళ్ల పాప సంగతి చూద్దాం. ఎండాకాలం ఈత కొలనులో ఆడి, చెవి దురద, ఆపైన నొప్పి. చెవి డొప్ప ముట్టుకుంటేనే అరుస్తోంది, అంటే వాపు కర్ణభేరికి ఇవతల, చెవి దారిలోనే ఉందన్న అనుమానం. డాక్టరు చూసి అదే అని తేల్చి, పూటకు నాలుగు చుక్కల చొప్పున రోజుకు రెండు పూటలు రాశారు.

అమ్మ ఒళ్లో తల పెట్టి, నొప్పి చెవి పైకి వచ్చేలా పాపను పక్కకు పడుకోబెట్టాలి. డొప్పను సుతారంగా వెనక్కి, పైకి లాగితే వంకరగా ఉన్న దారి తిన్నగా అవుతుంది. మూడేళ్లలోపు బిడ్డకైతే వెనక్కి, కిందికి లాగాలి. చుక్కలు రంధ్రం నడిమధ్యలో కాకుండా పక్క గోడ మీదుగా జారాలి, అప్పుడు లోపలి గాలి బయటికి వచ్చి మందుకు చోటిస్తుంది. సీసా మొన చెవికి తగలకూడదు, తగిలితే చీము, క్రిములు సీసాలోకి చేరతాయి.

తర్వాత రంధ్రం ముందు, చెంప వైపు ఉండే చిన్న మెత్తటి బొడిపెను నాలుగైదు సార్లు మెల్లగా నొక్కి వదలాలి. మందు లోపలికి దిగుతుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. వెంటనే లేపి కూర్చోబెడితే మందు మెడ మీదికి కారిపోతుంది, వాచిన చర్మానికి అంటుకునే వ్యవధి ఉండదు. మూడు నుంచి ఐదు నిమిషాలు తల అలాగే ఉంచాలి, ఒక పొట్టి కథకు సరిపడా సమయం. లేచాక కారినదాన్ని బయటే తుడవాలి. దూది లోపలికి కూరితే మందంతా దూదే తాగేస్తుంది. రెండో చెవికీ రాసి ఉంటే ఈ నిమిషాలు గడిచాకే అటు తిప్పాలి.

పోయినసారి మిగిలిన సీసా మాత్రం డాక్టరు చూడకుండా వాడొద్దు. నొప్పి విపరీతంగా ఉండి, చీము కారగానే ఒక్కసారిగా తగ్గిపోతే కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. వేసిన చుక్కల చేదు గొంతులో తెలుస్తోందని పిల్లలు చెప్పినా అదే అనుమానం. జెంటామైసిన్, నియోమైసిన్ వంటి మందులు ఆ చిల్లులోంచి లోపలికి వెళితే వినికిడికే ముప్పు రావచ్చు. కాచిన నూనె, వెల్లుల్లి నూనె కూడా అలాంటి చెవిలో పోయకూడదు. కంటికీ చెవికీ రెండింటికీ అని ముద్రించిన సీసాలు మన మందుల షాపుల్లో దొరుకుతాయి గానీ, చెవికి మాత్రమే అని ఉన్నదాన్ని కంట్లో వేయకూడదు.

మందు సరిగ్గా పడుతుంటే రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే మళ్లీ చూపించాలి. చెవి వెనక ఎర్రగా వాచి డొప్ప ముందుకు పొడుచుకొచ్చినా, జ్వరం ఎక్కువైనా ఆ రోజే తీసుకెళ్లాలి.