బైబ్యాక్

కంపెనీ తన షేర్లను వాటాదారుల నుంచి తానే కొని రద్దు చేయడమే బైబ్యాక్. 2025లో ఇన్ఫోసిస్ ఒక్కోటి రూ.1,800 చొప్పున 10 కోట్ల షేర్లు, అంటే మొత్తంలో 2.41 శాతం కొంటామని ప్రకటించింది. ప్రమోటర్లు తమవి అమ్మబోమన్నారు. ఆ 10 కోట్ల షేర్లూ కొనేస్తే, కొత్తగా ఒక్కటీ కొనకుండానే వారి 13.05 శాతం వాటా దాదాపు 13.37 శాతం అవుతుంది. అమ్మకుండా ఉంచుకున్న చిన్న మదుపరి వాటా కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

లాభం మారకపోయినా, పంచుకునే షేర్లు తగ్గినందున ఈపీఎస్, అంటే ఒక్కో షేరుపై ఆర్జన, సుమారు 2.5 శాతం పెరుగుతుంది. ఇది వ్యాపారం పెరిగి వచ్చింది కాదు. పైగా రూ.18,000 కోట్ల నగదుతోపాటు దానిపై వడ్డీ కూడా పోతుంది కాబట్టి అసలు పెరుగుదల ఇంకాస్త తక్కువే. ఫలితాల్లో ఈపీఎస్ పెరిగినట్టు కనిపిస్తే, నికర లాభం ఎంత పెరిగిందో కూడా చూడాలి.