కౌలు కార్డు మీద సంతకం ఎవరికి దొరికింది?

'ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల సమస్యలు: ఒక అధ్యయనం'. సామాజిక శాస్త్రాల్లో పీహెచ్‌డీ సీటు కోసం రాసే పరిశోధన ప్రతిపాదనల్లో ఈ తరహా శీర్షికలకు కొదవ లేదు. అప్పు పుట్టదు, బీమా అందదు, నష్టపరిహారం యజమాని ఖాతాలో పడుతుంది. ఇవన్నీ పేపరు చదివే ప్రతివాళ్లకూ తెలిసినవే. వీటిని మళ్లీ తేల్చడానికి నాలుగైదేళ్లు ఎందుకని ఇంటర్వ్యూలో అడిగితే అభ్యర్థి నీళ్లు నమలాల్సిందే.

అదే విషయం నుంచి పరిశోధనకు పనికొచ్చే ప్రశ్న ఎలా పుడుతుందో చూద్దాం. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. కౌలుదారుకు కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకుని 11 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. మరి ఆ సంతకం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు? బంధువుకు పెట్టిన యజమాని దళిత కౌలుదారుకూ పెట్టాడా? యజమాని ఊళ్లోనే ఉంటే ఒకలాగా, హైదరాబాద్‌లో ఉంటే మరోలాగా జరిగిందా? కులానికీ సంతకానికీ సంబంధమే లేదని తేలినా తేలవచ్చు. జవాబు ముందే తెలియదు కాబట్టే ఇది పరిశోధన.

ఇక పూర్వ అధ్యయనాల సమీక్ష. 'దీనిపై ఇంతవరకు ఎవరూ పని చేయలేదు' అని రాశారంటే వెతకలేదనే అర్థం. ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ వాళ్లు గుంటూరు జిల్లా అనంతవరంతో పాటు మరో రెండు ఊళ్లలో ఇంటింటి సర్వే చేసి, 2010లో పుస్తకం వేశారు. అయితే ఆ సర్వే నాటికి ఈ చట్టం లేదు. కొత్త పరిశోధన అందుకోవాల్సిన కొస అక్కడుంది. పది పుస్తకాల పేర్లు వరసగా పేర్చడం కన్నా ఈ ఒక్క లంకె చూపించడం మేలు.

పద్ధతి దగ్గరికి వచ్చేసరికి చాలామంది 'ఇంటర్వ్యూలు, ప్రశ్నావళి' అని రాసి ఊరుకుంటారు. ఇక్కడ రెండు ఊళ్లు చాలు. యజమానులు ఎక్కువగా ఊళ్లోనే ఉండేది ఒకటి, బయటికి వెళ్లిపోయినది ఒకటి. ముందు ఇంటింటికీ తిరిగి ఎవరు ఎవరి పొలం చేస్తున్నారో రాసుకోవాలి. తర్వాత దాన్ని కార్డుల జాబితాతో సరిచూడాలి. సంతకం అడిగి లేదనిపించుకున్నవాళ్లు, అడగడానికే జంకినవాళ్లు అప్పుడు బయటపడతారు. కార్డున్నవాళ్లనే కలిస్తే ఈ రెండు రకాలవాళ్లూ లెక్కలోకే రారు.

అసలు చిక్కు మరోటి ఉంది. కౌలు చాలావరకు నోటిమాట. పరిశోధకుడితో మాట్లాడాడని యజమానికి తెలిస్తే మరుసటి ఏడు పొలం చేజారవచ్చు. అందుకే ఊరి పేరు మార్చడం, కౌలుదారునూ యజమానినీ వేర్వేరు రోజుల్లో కలవడం, ఒకరు చెప్పింది మరొకరి దగ్గర ఎత్తకపోవడం వంటివి ప్రతిపాదనలోనే రాయాలి. కౌళ్లు మాట్లాడుకునే వేసవికి పరిశోధకుడు ఊళ్లో ఉండేలా కాలపట్టిక కూడా వేసుకోవాలి.