ఈథర్‌లో ఒక్క నీటిబొట్టు

ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ ల్యాబుల్లో గ్రిగ్నార్డ్ చర్య నేర్పడానికి తరచుగా ఎంచుకునే ప్రయోగం ట్రైఫినైల్‌మిథనాల్ తయారీ. కావలసినవి 0.24 గ్రాముల మెగ్నీషియం, 1.57 గ్రాముల బ్రోమోబెంజీన్, 1.82 గ్రాముల బెంజోఫీనోన్, సరిపడా ఈథర్. మొదటి మూడూ పది పది మిల్లీమోల్స్. అంతా సవ్యంగా సాగితే 2.6 గ్రాముల తెల్లటి స్ఫటికాలు రావాలి.

ఇప్పుడు ఆ ఫ్లాస్కు అడుగున ఎవరూ గమనించని ఒక్క నీటిబొట్టు మిగిలిపోయిందనుకుందాం. దాని బరువు దాదాపు 50 మిల్లీగ్రాములు. నీరు చాలా తేలికైన అణువు కాబట్టి అంత చిన్న బొట్టులోనే 2.8 మిల్లీమోల్స్ ఉంటాయి. ఒక్కో నీటి అణువు కనీసం ఒక్కో గ్రిగ్నార్డ్ అణువును పనికిరాకుండా చేస్తుంది. అంటే ప్రయోగం మొదలయ్యేలోపే పావువంతుకు పైగా పోయినట్టే. నాలుగు బొట్లుంటే ఏమీ మిగలదు.

నీటితో ఇంత పేచీ ఎందుకో తెలియాలంటే ఈ కారకం స్వభావం చూడాలి. బ్రోమోబెంజీన్‌లోని కార్బన్‌కూ బ్రోమిన్‌కూ మధ్య మెగ్నీషియం పరమాణువు చేరితే ఫినైల్‌మెగ్నీషియం బ్రోమైడ్ తయారవుతుంది. మెగ్నీషియంతో పోలిస్తే కార్బన్ ఎలక్ట్రాన్లను ఎక్కువగా తనవైపు లాక్కుంటుంది. అందుకే ఆ బంధంలోని కార్బన్ మీద పాక్షిక రుణావేశం ఏర్పడుతుంది. కీటోన్‌లో సంగతి తిరగబడుతుంది. అక్కడ ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను లాగేసుకోవడంతో కార్బొనైల్ కార్బన్ పాక్షిక ధనావేశంతో ఉంటుంది. రెండూ ఎదురైనప్పుడు మెగ్నీషియం ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, ఫినైల్ గుంపు కార్బొనైల్ కార్బన్‌కు అతుక్కుంటుంది. అలా ఒక కొత్త కార్బన్–కార్బన్ బంధం పుడుతుంది. ఈ ప్రయోగమంతా ఆ ఒక్క బంధం కోసమే.

పుస్తకంలో ఒకే బాణం గుర్తుతో చూపించే ఈ మెట్టు నిజానికి అంత సూటిగా ఉండదు. చాలా సందర్భాల్లో రెండు గ్రిగ్నార్డ్ అణువులు కలిసి పనిచేస్తాయి. ఒకటి ఆక్సిజన్‌ను పట్టుకుని కార్బొనైల్‌ను సిద్ధం చేస్తే, రెండోది తన కార్బన్‌ను అందిస్తుంది. బెంజోఫీనోన్ లాంటి సుగంధ కీటోన్లలో ముందు ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే చేతులు మారే దారి కూడా ఉంది. ఏ దారిన వెళ్లినా చేరేది మెగ్నీషియం ఆల్కాక్సైడ్ అనే లవణం దగ్గరికే. చివర్లో సజల ఆమ్లం పోస్తే ఆ ఆక్సిజన్‌కు హైడ్రోజన్ దొరికి ఆల్కహాల్ బయటికొస్తుంది.

నీరు ఎదురైనా ఫినైల్ గుంపు ఇదే స్వభావంతో ప్రవర్తిస్తుంది. నీటి అణువులోని హైడ్రోజన్‌ను తీసుకుని మామూలు బెంజీన్‌గా మారిపోతుంది. ఇది చాలా వేగంగా జరుగుతుంది, మళ్లీ వెనక్కి రాదు. పైగా నీరు మొదటినుంచీ ఫ్లాస్కులోనే ఉంటుంది, కీటోన్ ఆ తర్వాతెప్పుడో వస్తుంది. అది వచ్చేసరికి చర్య జరపవలసిన కారకం ఖర్చయిపోయి ఉంటుంది.

ఇలా కారకాన్ని ముందు పొడి ఈథర్‌లో విడిగా తయారుచేసి, తర్వాత కీటోన్ కలిపే పద్ధతి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో రూపుదిద్దుకుంది. 1899లో ఫిలిప్ బార్బియే మెగ్నీషియాన్నీ, మిథైల్ అయొడైడ్‌నూ, కీటోన్‌నూ ఒకేసారి కలిపి చూశారు. ఆయన శిష్యుడు విక్టర్ గ్రిగ్నార్డ్ మరుసటి ఏడాది ఆ రెండు మెట్లనూ విడదీశారు. 1912 నోబెల్ బహుమతిని ఆయన పాల్ సబాతియేతో పంచుకున్నారు.

ల్యాబ్‌లో ఈ ప్రయోగం మీద జరిగే చర్చ ఎక్కువగా ఒకే చోట మొదలవుతుంది. "సార్, అరగంటయింది, ఏమీ కదలట్లేదు," అంటాడు విద్యార్థి. మెగ్నీషియం తురుము ఈథర్ అడుగున మెరుస్తూ కూర్చుని ఉంటుంది. "మిగిలిన బ్రోమోబెంజీన్ కూడా పోసేయమంటారా?" అని పక్కనున్న అమ్మాయి అడుగుతుంది. "వద్దమ్మా, అదొక్కటీ చేయకు," అంటారు లెక్చరర్.

ఆ హెచ్చరికకు బలమైన కారణం ఉంది. మెగ్నీషియం మీద పలుచని ఆక్సైడ్ పొర ఉంటుంది. అది చీలి లోపలి లోహం బయటపడేదాకా చర్య మొదలుకాదు. తేమ ఉంటే ఆరంభం మరింత ఆలస్యమవుతుంది. ఒకసారి మొదలైతే మాత్రం చాలా వేడి పుడుతుంది. అప్పటికే బ్రోమోబెంజీన్ అంతా ఫ్లాస్కులో ఉంటే 35 డిగ్రీలకే మరిగే ఈథర్ ఒక్కసారిగా పైకి పొంగుతుంది, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. అందుకే మొదట కొద్ది భాగమే పోసి, ఒక అయొడిన్ పలుకు వేసి, లేదా గాజు కడ్డీతో తురుమును నలిపి ఎదురుచూస్తారు. పక్కన ఐసు నీళ్ల పాత్ర సిద్ధంగా ఉంటుంది. అయొడిన్ రంగు వెలిసి, ద్రవం మసకబారి, లోహం చుట్టూ బుడగలు లేచి, బయటినుంచి వేడి చేయకపోయినా ఈథర్ మరుగుతుంటే చర్య అందుకున్నట్టు. అప్పుడు మిగిలినదాన్ని ఈథర్‌లో కలిపి చుక్కచుక్కగా వదులుతారు.

తేమ ఎక్కడినుంచి వస్తుందన్నది చర్చలో తర్వాతి మాట. కడిగి తుడిచిన గాజు పొడిగా కనిపిస్తుందే గాని దాని ఉపరితలాన్ని పట్టుకుని నీటి పొర ఉంటుంది. అందుకే పరికరాలను 110 డిగ్రీలు దాటిన ఓవెన్‌లో గంటల తరబడి ఉంచి, వేడిగా ఉన్నప్పుడే బిగించి, కాల్షియం క్లోరైడ్ నింపిన గొట్టం తగిలించి చల్లారనిస్తారు. చల్లారేటప్పుడు ఫ్లాస్కు గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ గొట్టం లేకపోతే వానాకాలపు గాలిలోని తేమంతా దానితోపాటే లోపలికి వస్తుంది. ఈథర్‌ను మాత్రం మార్చలేం. దాని ఆక్సిజన్ మెగ్నీషియానికి ఎలక్ట్రాన్లను అందిస్తూ కారకాన్ని నిలబెడుతుంది. అందువల్ల దాన్నే పొడిగా చేసుకోవాలి. సీసాలోని ఈథర్‌లో నీటితోపాటు ఇథనాల్ కూడా ఉండొచ్చు. ఇథనాల్ కూడా నీటిలాగే హైడ్రోజన్ ఇచ్చి కారకాన్ని పాడుచేస్తుంది.

ఇక ఫలితం సరిగ్గా రానప్పుడు ప్రతి తప్పునూ తేమ ఖాతాలో వేయడం తేలిక, కానీ అది సరైన విశ్లేషణ కాదు. చివర్లో మెగ్నీషియం తురుము చాలావరకు అలాగే మిగిలి ఉంటే కారకం తయారే కాలేదన్నమాట. లోహం కరిగిపోయి, పలుచని పొర క్రొమటోగ్రఫీ పలక మీద అతినీలలోహిత దీపం కింద బెంజోఫీనోన్ మచ్చ గట్టిగా కనిపిస్తే కారకం పుట్టింది, కీటోన్ దాకా చేరలేదు. అప్పుడు తేమను అనుమానించాలి. బైఫినైల్ ఎక్కువగా ఉంటే కారణం వేరు. బ్రోమోబెంజీన్‌ను తొందరపడి పోయడంవల్ల కొత్తగా పుట్టిన కారకం మిగిలిన బ్రోమోబెంజీన్‌తోనే కలిసిపోయింది. అది పాఠం చెప్పిన చేతుల తప్పు, ఓవెన్‌ది కాదు.

బెంజోఫీనోన్‌నే ఎంచుకోవడంవల్ల ఈ విశ్లేషణ సులభమవుతుంది. ఎసిటోన్ లాంటి కీటోన్లలో కార్బొనైల్ పక్క కార్బన్ మీద హైడ్రోజన్లుంటాయి. కారకం కార్బొనైల్‌కు చేరకుండా వాటిలో ఒకదాన్ని లాగేయొచ్చు. అప్పుడు నీరు లేకపోయినా చివర్లో కీటోన్ తిరిగి వస్తుంది. బెంజోఫీనోన్‌కు అలాంటి హైడ్రోజన్ లేదు. తిరిగొచ్చిన కీటోన్‌కు అక్కడ ఆ సాకు చెల్లదు.

మిగిలింది శుద్ధి. ముడి పదార్థాన్ని పెట్రోలియం ఈథర్‌తో కడిగితే బైఫినైల్ అందులో కరిగి పోతుంది, ఆల్కహాల్ పెద్దగా కరగదు. తర్వాత ఆల్కహాల్‌ను పునఃస్ఫటికీకరణ చేసి ద్రవీభవన స్థానం చూస్తారు. 162 డిగ్రీల దగ్గర స్ఫటికాలు చటుక్కున కరిగితే పదార్థం శుద్ధమైనదే. చాలా డిగ్రీల కిందనుంచే మెత్తబడుతూ వస్తే ఇంకా బైఫినైలో, బెంజోఫీనోనో మిగిలి ఉందని అర్థం, మళ్లీ కడగాలి.