పెన్నులో మిగిలిన మందు

గ్రోత్ హార్మోను లోపం ఉందని తేలి, పిల్లాడికి రోజూ రాత్రి ఇంజెక్షన్ ఇవ్వాలని డాక్టరు చెప్పగానే అమ్మానాన్నలు బెదిరేది సూదికే. పెన్నుకు బిగించే సూది పొడవు చాలావాటిలో 4 లేదా 5 మిల్లీమీటర్లు, వెంట్రుకంత సన్నం. కొన్ని వారాలకు ఆ బెరుకు చాలా ఇళ్లలో తగ్గిపోతుంది. తరువాత వచ్చే తప్పులే వేరు. రోజూ ఒకే చోట పొడవడం, మందును ఫ్రిజ్‌లో పెట్టకూడని చోట పెట్టడం, ఇవ్వని రాత్రులను లెక్కలోకి తీసుకోకపోవడం.

రాత్రిపూటే ఎందుకంటే, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్ను రోజంతా ఒకేలా వదలదు. నిద్ర పట్టిన తొలి గంటల్లో, గాఢనిద్రలో ఎక్కువగా వదులుతుంది. పడుకోబోయే ముందు ఇచ్చే ఇంజెక్షన్ ఆ తీరును అనుకరిస్తుంది. వారానికోసారి ఇచ్చే కొత్త రకాలు కూడా వచ్చాయి గానీ ఇక్కడ చెప్పేది రోజూ ఇచ్చే దాని గురించే.

ఒక లెక్క చూద్దాం. ఏడేళ్ల బాబు, బరువు 20 కిలోలు. కిలోకు 0.03 మిల్లీగ్రాముల చొప్పున డాక్టరు రోజుకు 0.6 మిల్లీగ్రాములు రాశారనుకోండి. పెన్నులు 5, 10, 15 మిల్లీగ్రాముల సైజుల్లో దొరుకుతాయి. 15 మిల్లీగ్రాముల పెన్ను ఈ బాబుకు 25 రాత్రులు వస్తుంది. తెరిచిన పెన్నును ఫ్రిజ్‌లో ఉంచినా చాలా రకాలు నాలుగు వారాలకు మించి వాడకూడదు కాబట్టి 25 రాత్రులు సరిగ్గా సరిపోతుంది. అదే పెన్ను రోజుకు 0.4 మిల్లీగ్రాములు తీసుకునే చిన్న పాపకు కొంటే 37 రాత్రులకు సరిపడా మందు ఉంటుంది, గడువేమో 28 రోజులకే ముగుస్తుంది. మిగిలింది పారబోయాల్సిందే. ఈ మందు ఖరీదు తెలిసినవాళ్లకు ఆ నష్టం వేరే చెప్పక్కర్లేదు. పెన్ను సైజు గురించి డాక్టరును ముందే అడగడం మంచిది.

ఇక ఇచ్చే పద్ధతి. పెన్నును కాసేపు ముందే ఫ్రిజ్ నుంచి బయట పెడితే మంట తగ్గుతుంది. చేతులు కడుక్కుని, కొత్త సూది బిగించి, మందు తేటగా ఉందో లేదో వెలుతురులో చూడాలి. మసకబారినా, రేణువులు కనిపించినా వాడకూడదు. గట్టిగా ఊపితే ఆ ప్రోటీన్ చెడిపోతుంది కాబట్టి పెన్నును ఎప్పుడూ కుదపకూడదు. కొత్త పెన్ను మొదటిసారి వాడేటప్పుడు సూది చివర చుక్క కనిపించేదాకా కొద్దిగా వదలాలి. స్పిరిట్‌తో తుడిస్తే అది ఆరాకే పొడవాలి, తడిగా ఉంటే భగ్గుమంటుంది. బక్కపిల్లలకైతే చర్మాన్ని రెండు వేళ్లతో కాస్త ఎత్తిపట్టి, సూదిని నిటారుగా దించి, బటన్ సున్నా దాకా నొక్కాలి. ఆ తరువాత చాలామంది తొందరపడతారు. సున్నా కనిపించాక కూడా ఆరు నుంచి పది వరకు అంకెలు లెక్కపెట్టి (ఎంతసేపన్నది మీ పెన్ను కాగితంలో ఉంటుంది) అప్పుడు సూది తీయాలి. తీశాక చర్మం మీద చిన్న చుక్క కనిపిస్తే పర్వాలేదు. రోజూ ధారగా కారుతోందంటే మాత్రం తొందరగా లాగేస్తున్నట్టే. అలా కారిపోయిందని ఆ రాత్రే మళ్లీ ఇంకో మోతాదు ఇవ్వకూడదు. పని అయ్యాక సూదిని పెన్నుకే వదిలేస్తే మందు కారుతుంది, లోపలికి గాలి చేరుతుంది, మరుసటి రాత్రి మోతాదు తప్పుతుంది. విప్పి, మూత బిగిసే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆసుపత్రిలో ఇవ్వాలి. చెత్తబుట్టలో వేస్తే అది గుచ్చుకునేది చెత్త ఎత్తేవాళ్ల చేతికి.

చోటు మార్చడం సంగతి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. గ్రోత్ హార్మోనుకు కొవ్వును కరిగించే గుణం ఉంది. నెలల తరబడి ఒకే చోట పొడిస్తే అక్కడి కొవ్వు కరిగి, చర్మం గుంటపడుతుంది. కొన్నిసార్లు గడ్డకట్టినట్టూ ఉంటుంది, అలాంటిచోట మందు సరిగా ఇంకదు. పిల్లాడు నొప్పి తెలియని ఒకే చోటునే చూపించి "అమ్మా, ఇక్కడే ఇవ్వు" అంటాడు. నొప్పి లేకపోవడం ఆ చోటు పాడవుతోందనడానికి గుర్తూ కావచ్చు. వారానికోసారి స్నానం చేయించేటప్పుడు వేళ్లతో తడిమి చూస్తే గుంటా గడ్డా ముందే దొరుకుతాయి. కనిపిస్తే ఆ చోటును కొన్ని నెలలు వదిలేసి డాక్టరుకు చూపించాలి.

గుర్తుపెట్టుకోవడానికి తేదీల కంటే వారాలు నయం. సోమవారం కుడి తొడ, మంగళవారం ఎడమ తొడ, బుధ, గురువారాల్లో పిరుదుల పైభాగం కుడి, ఎడమ, శుక్ర, శనివారాల్లో బొడ్డుకు అయిదు సెంటీమీటర్ల దూరంగా పొట్ట కుడి, ఎడమ. ఆదివారం ఎక్కడివ్వాలో పిల్లాడి ఇష్టం. సరిసంఖ్య తేదీలకు కుడి, బేసికి ఎడమ అని పెట్టుకుంటే 31వ తేదీ, మరునాడు ఒకటో తేదీ రెండూ ఒకే వైపు పడతాయి. ఒకే తొడలోనూ పోయినవారం పొడిచిన చోటుకు రెండు వేళ్ల దూరం జరగాలి.

నిల్వలో మనవైపు చిక్కు వేసవి. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, వెలుతురు తగలకూడదు. కొన్ని రకాల పెన్నులను తెరిచాక 25 డిగ్రీల లోపు గదిలో మూడు వారాలు ఉంచవచ్చని కాగితంలో రాసి ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మామూలు గదిలో 25 డిగ్రీలు ఎక్కడుంటాయి? ఆ వెసులుబాటు మనకు చలికాలంలోనే. ఫ్రిజ్ తలుపు అరలో పెడితే తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది. ఫ్రీజర్ గోడకు ఆనుకుని ఉంటే గడ్డకడుతుంది, అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే కరిగాక మందు తేటగానే కనిపిస్తుంది గానీ పనిచేయదు. మధ్య అరలో, మూత ఉన్న డబ్బాలో, పక్కన చిన్న థర్మామీటరుతో ఉంచడం ఉత్తమం. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంటే కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి, మందుకు నేరుగా తగలకుండా పెట్టాలి. విమానంలో చేతిసంచిలోనే తీసుకెళ్లాలి.

రోజూ చేసే పనికి ఇద్దరు తెలిసి ఉండాలి, అమ్మ ఒక్కతే కాదు. నాన్నకో పెద్దమ్మకో నేర్పిస్తే అమ్మకు జ్వరమొచ్చిన రాత్రి ఆగదు. పళ్లు తోముకున్నాక ఇంజెక్షన్, తరువాత కథ అని వరస పెట్టేస్తే వేళ మరచిపోవడం తగ్గుతుంది. ఒక రాత్రి తప్పితే మరుసటి రాత్రి రెండింతలు ఇవ్వకూడదు, మామూలు మోతాదే.

తప్పిన రాత్రులు మనకు గుర్తుండవు గానీ పెన్నుకు ఉంటాయి. పైన చెప్పిన బాబు పెన్నును తెరిచిన తేదీ మీద రాసి ఉంచండి. 25వ రాత్రి ఇంజెక్షన్ అయ్యాక అందులో ఇంకా దాదాపు 1.8 మిల్లీగ్రాములు ఉంటే మూడు రాత్రులు ఎగిరిపోయినట్టే. మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు ఎత్తు, బరువు చూసి, రక్తంలో ఐజీఎఫ్-1 పరీక్ష చేయిస్తారు. అప్పుడు ఎదుగుదల మందగించిందంటే మోతాదు పెంచే ముందు అడిగే మొదటి ప్రశ్న, ఇంజెక్షన్లు ఎన్ని తప్పాయి అనే. దాచకుండా చెబితే అనవసరంగా మోతాదు పెరగదు. ఆ బాబు 22 కిలోలకు వచ్చాక మాత్రం మోతాదు 0.66 దగ్గరికి మారడం మామూలే.

ఒక్క విషయంలో మాత్రం తరువాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. తలనొప్పి వదలకుండా ఉండి వాంతులు, చూపు మసకలు వస్తే, లేదా పిల్లాడు కుంటుతున్నా, తుంటిలోనో మోకాలిలోనో నొప్పి అన్నా అదే రోజు డాక్టరుకు ఫోను చేయాలి. మోకాలి నొప్పికి మూలం తుంటి ఎముకలో ఉండవచ్చు. ఆడుకుంటూ పడి ఉంటాడులే అని నూనె రాసి ఊరుకోవద్దు.