పైన పసుపు, లోన పచ్చి

మార్కెట్ యార్డులో హమాలీ పనిచేసే ఒకాయన సెల్‌ఫోన్‌లో బంగినపల్లి పెట్టె ఫొటో చూపించాడు. కాయలన్నీ ఒకే పసుపు. "ఇవి కార్బైడ్ కాయలేనా అన్నా?" అన్నాడు.

రంగొక్కటే చూసి చెప్పలేం అన్నాం. అనుమతి ఉన్న ఇథిలిన్ గ్యాసుతో మాగబెట్టినా తొక్క అలాగే తిరుగుతుంది. ఓ కాయ కోసి ఫొటో తియ్యమన్నాం. తీశాడు. టెంక చుట్టూ కండ తెల్లగా ఉంది, కోసినచోట రసమే లేదు. ముదరని కాయను తొందరపెట్టి మాగబెట్టారని దానితో తేలింది. దేనితో మాగబెట్టారో తేలలేదు.

పెట్టె అడుగు ఫొటో తీస్తే బూడిదరంగు పొడి పొట్లం బయటపడింది. అది కార్బైడే. చెమ్మ తగిలితే అసిటిలిన్ గ్యాసు వదులుతుంది. అందులో ఆర్సెనిక్ విషం జాడలుంటాయి. 2011 నిబంధనల ప్రకారం దానితో మాగబెట్టిన పండ్లు అమ్మడం నిషేధం.

ఆ పొట్లాలు కట్టేది మాత్రం మన కూలీల వట్టి చేతులే. అందుకే కాయతోపాటు పొట్లాన్నీ ఫొటో తీయాలి.