కరెంటు పోయినా లెక్క తప్పని డేటాబేస్

ప్రశ్న: రైట్ అహెడ్ లాగింగ్ అంటే ఏమిటి? సర్వర్ హఠాత్తుగా ఆగిపోతే చెక్‌పాయింట్, రీడూ, అన్‌డూల సాయంతో డేటాబేస్ ఎలా కోలుకుంటుందో ఉదాహరణతో వివరించండి.

జవాబు: డేటాబేస్ తన సమాచారాన్ని డిస్కు మీద పేజీలుగా ఉంచుకుంటుంది. మార్పులు మాత్రం ముందు మెమరీలో జరుగుతాయి. మారిన పేజీ ఆ తర్వాత ఎప్పుడో డిస్కుకు చేరుతుంది. ఈలోగా కరెంటు పోతే రెండు చిక్కులొస్తాయి. పూర్తయిన ట్రాన్సాక్షన్ మార్పులు డిస్కుకు చేరకపోయి ఉండొచ్చు. వాటిని మళ్లీ చేయడమే రీడూ. మెమరీలో చోటు చాలక, పూర్తికాని ట్రాన్సాక్షన్ మార్పులు ముందే డిస్కుకెక్కి ఉండొచ్చు. వాటిని వెనక్కి తీసుకోవడమే అన్‌డూ.

ఈ రెండింటికీ ఆధారం లాగ్. షావుకారు ముందు చిట్టాలో రాసుకుని, తర్వాత ఆవర్జాకు ఎక్కించినట్టే ఇక్కడా పని సాగుతుంది. నియమాలు రెండే. ఒకటి, మారిన పేజీ డిస్కుకు వెళ్లేలోపే ఆ మార్పు తాలూకు లాగ్ రికార్డు డిస్కు మీద ఉండాలి. రెండు, కమిట్ రికార్డుతో సహా ఆ ట్రాన్సాక్షన్ లాగ్ అంతా డిస్కుకు చేరాకే 'పని అయింది' అని చెప్పాలి.

ప్రతి రికార్డుకూ పెరిగే వరసలో ఒక నంబరు ఉంటుంది. ప్రతి పేజీ మీద, దాన్ని చివరగా మార్చిన రికార్డు నంబరు ఉంటుంది. కోలుకునే పనంతా ఈ రెండు నంబర్లను పోల్చడం మీదే నడుస్తుంది.

ఉదాహరణ చూద్దాం. T1 అనే ట్రాన్సాక్షన్ A ఖాతా నుంచి B ఖాతాకు 500 రూపాయలు పంపుతోంది. T2 అనేది D నుంచి C కి 200 పంపుతోంది. కరెంటు పోయే సమయానికి డిస్కు మీదున్న లాగ్ ఇది:

```
10  T1  START
20  T1  P1: A 2000 -> 1500
30  CHECKPOINT  (T1; P1:20)
35  T2  START
40  T2  P3: C 700 -> 900
50  T1  P2: B 1000 -> 1500
60  T1  COMMIT
70  T2  P4: D 400 -> 200
```

నాలుగు పేజీల్లో P3 ఒక్కటే కొత్త విలువతో డిస్కుకు చేరిందనుకుందాం.

మొదటి దశ విశ్లేషణ. లాగ్‌ను మొదటి నుంచీ చదవక్కర్లేకుండా చేసేది చెక్‌పాయింట్. అప్పటికి ఏ ట్రాన్సాక్షన్లు నడుస్తున్నాయో, మెమరీలో మారిన పేజీలు ఏవో, ఒక్కో పేజీ ఏ రికార్డు నుంచి మారుతూ వచ్చిందో అందులో ఉంటుంది. 30 నుంచి ముందుకు చదివితే, T1 కమిట్ అయిందనీ T2 మధ్యలో ఆగిందనీ తేలుతుంది.

రెండో దశ రీడూ. ఇది చెక్‌పాయింట్ దగ్గరే మొదలవుతుందని రాస్తే తప్పు. చెక్‌పాయింట్ పడినంత మాత్రాన పేజీలు డిస్కుకు చేరిపోవు. P1 మార్పు 20 నాటిది కాబట్టి రీడూ 20 నుంచే మొదలవ్వాలి. డిస్కు మీది పేజీ నంబరు రికార్డు నంబరుకంటే తక్కువైతేనే మార్పును మళ్లీ చేస్తారు. అలా A, B రెండూ 1500 అవుతాయి. P3 మీద ఇప్పటికే 40 ఉంది కనుక దాన్ని ముట్టుకోరు. ఓడిపోయిన T2 చేసిన 70వ మార్పును కూడా ఇక్కడ మళ్లీ చేస్తారు. D 200 అవుతుంది. ముందు జరిగింది జరిగినట్టు నిలబెట్టి, ఆ తర్వాతే తప్పును సరిదిద్దడం ఈ పద్ధతి ప్రత్యేకత. 1992లో సి. మోహన్, ఐబీఎం సహచరులు ప్రచురించిన ఏరీస్ పద్ధతికి ఇదే మూలసూత్రం.

మూడో దశ అన్‌డూ. T2 మార్పులను చివరి నుంచి వెనక్కి తీస్తారు. D మళ్లీ 400 అవుతుంది, C మళ్లీ 700 అవుతుంది. ఈ దిద్దుబాట్లనూ లాగ్‌లో రాస్తారు:

```
80  T2  CLR  P4: D = 400  (next undo: 40)
90  T2  CLR  P3: C = 700  (next undo: none)
```

80 డిస్కుకు చేరాక, 90 ఇంకా రాయకముందే మళ్లీ కరెంటు పోయిందనుకోండి. ఈసారి రీడూ 80వ రికార్డు దాకా నడుస్తుంది. అన్‌డూ నేరుగా 40కి వెళ్తుంది. 70ని రెండోసారి వెనక్కి తీయరు. కోలుకునే వేళ ఎన్నిసార్లు ఆగిపోయినా ఫలితం మారదు.

పరిమితులు కూడా రాయాలి. లాగ్ ఉన్న డిస్కే పాడైతే ఈ పద్ధతి కాపాడలేదు. దానికి బ్యాకప్ కావాలి. చేరని రికార్డును చేరిందని డిస్కు అబద్ధం చెబితే రెండో నియమం ఉత్తదే. చెక్‌పాయింట్ల మధ్య విరామం పెరిగితే కోలుకునే సమయమూ పెరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా ఈ విరామం 5 నిమిషాలు.

అన్ని డేటాబేస్‌లలోనూ మూడు దశలూ ఉండవు. ఆగిపోయిన పోస్ట్‌గ్రెస్ తిరిగి లేచేటప్పుడు `redo starts at`, `redo done at` అనే వరసలు కనిపిస్తాయి, అన్‌డూ ఊసు ఉండదు. అది పాత విలువ మీద కొత్తది రాయదు, పక్కన కొత్త ప్రతి రాస్తుంది. కమిట్ కాని ప్రతిని ఎవరికీ చూపదు కాబట్టి వెనక్కి తీయాల్సిన అవసరం రాదు.