పాత ట్రాక్టర్ కొనే ముందు: గంటలు, లిఫ్టు, మెకానిక్

పాత ట్రాక్టర్ వయసు చెప్పేది దాని ఇంజను తిరిగిన గంటలు. సొంత పొలానికే వాడిన బండి ఏడాదికి మూడు నాలుగు వందల గంటలు తిరిగితే, కిరాయికి తిప్పిన బండి వెయ్యి గంటలు కూడా దాటుతుంది. అందుకే ఒకే ఏడాది రిజిస్ట్రేషన్ అయిన రెండు ట్రాక్టర్లలో ఒకటి ఇంకా గట్టిగా ఉంటే, మరొకటి ఇంజను పనికి వచ్చి ఉంటుంది. కొనేవాళ్లు ముందుగా మీటరు చూడటం సరైనదే. అయితే ఆ అంకెను ఎలా చదవాలో తెలిసి ఉండాలి.

పాత మోడళ్లలో గంటల మీటరు చాలావరకు కేబుల్‌తో ఇంజనుకు కలిసి ఉంటుంది. అది గడియారంలా కాలాన్ని లెక్కపెట్టదు, ఇంజను చుట్లను లెక్కపెడుతుంది. ఇంజను నిర్ణీత వేగంతో తిరిగినప్పుడే దానిలో గంటకు గంట పడుతుంది. ఖాళీగా స్టార్టింగులో ఉంచితే గంటకు అరగంట కూడా పడకపోవచ్చు. రోటావేటర్‌తో దమ్ము చేసిన బండి పూర్తి వేగంతో నడుస్తుంది కాబట్టి దాని మీటరు నిజానికి దగ్గరగా ఉంటుంది. ఇటుకో ఇసుకో తోలుతూ, లోడింగు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడిన బండి మీటరు తక్కువ చూపిస్తుంది. ఇక కేబుల్ తెగిన బండ్లు, మీటరే మార్చిన బండ్లు సంతలో ఎప్పుడూ ఉంటాయి.

కాబట్టి మీటరుకు సాక్ష్యం కావాలి. సర్వీసు పుస్తకంలో ప్రతి సర్వీసుకూ తేదీ, గంటలు రాసి ఉంటాయి. రెండేళ్లకు వెయ్యి గంటలు నడిచిన బండి, తర్వాతి ఐదేళ్లలో వెయ్యే నడిచిందంటే కారణం అడగాలి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. మీటరులో రెండు వేల గంటలే ఉండి, వెనక టైర్లు ఇప్పటికే ఒకసారి మారి ఉంటే లెక్క కుదరదు. టైరు గట్లు నడిమధ్యలో అరిగితే బండి ఎక్కువగా రోడ్డు మీద నడిచినట్టే. క్లచ్ పెడల్ రబ్బరు నున్నబడటం, స్టీరింగులో ఆట కూడా చెప్పవలసింది చెబుతాయి.

ఇంజనును చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. కొనేవారు వచ్చేసరికి బానెట్ వేడిగా ఉంటే, మొదటి స్టార్టు ఇబ్బందిని దాచారేమో అనుమానించవచ్చు. అరగంట నడిచాక ఇంజను బ్రీదర్ గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ పొగ దట్టంగా, ఒత్తిడితో తన్నుతుంటే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగాయని అర్థం. సైలెన్సరులో నీలి పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. చిక్కటి ఆయిల్ పోసి దీన్ని కొన్ని రోజులు దాచవచ్చు కాబట్టి, బ్రీదర్ మాటనే ఎక్కువ నమ్మాలి.

హైడ్రాలిక్ దగ్గర తొందర పనికిరాదు. చాలామంది ఖాళీ లిఫ్టును పైకీ కిందికీ ఆడించి బాగుందంటారు. దానివల్ల ఏమీ తెలియదు. నలభై, యాభై హార్స్ పవర్ బండి లిఫ్టు సుమారు టన్నున్నర బరువెత్తేలా తయారవుతుంది, ఖాళీ చేతులు ఎత్తడం దానికి లెక్కలోది కాదు. రోటావేటర్ తగిలించి, బండిని అరగంటైనా పనిచేయించి, నూనె వేడెక్కాక పరీక్షించాలి. నూనె వేడెక్కి పలచబడినప్పుడే లోపలి లీకులు బయటపడతాయి.

అప్పుడు రెండు సంగతులు గమనించాలి. రోటావేటర్‌ను పూర్తిగా ఎత్తి ఇంజను ఆపితే అది నిలవాలి. కొద్ది నిమిషాల్లోనే కళ్లముందు దిగిపోతుంటే సిలిండరు సీలో, వాల్వులో కారుతున్నట్టు. ఇంజను నడుస్తున్నప్పుడు ఎత్తిన రోటావేటర్ కాస్త దిగి, మళ్లీ ఎగసి, మళ్లీ దిగుతుంటే అదీ ఇదే జబ్బు. కారిన నూనెను వ్యవస్థ పదేపదే భర్తీ చేస్తోందన్నమాట. ఎత్తినచోటే నిలుస్తుంది కానీ ఎత్తడమే మందంగా ఉంటే తప్పు పంపుదో, మూసుకుపోయిన ఫిల్టరుదో. సీలు మార్పు చిన్న ఖర్చు, పంపు పెద్ద ఖర్చు. బేరమాడేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండటం వేల రూపాయల విషయం.

వరి ప్రాంతపు బండ్లకు మరో పరీక్ష తప్పదు. కేజ్‌వీల్స్‌తో బురదలో దిగిన బండికి యాక్సిల్ సీళ్లు పోయి నీరు లోపలికి చేరుతుంది. చాలా మోడళ్లలో గేరుబాక్సుకూ లిఫ్టుకూ ఒకటే నూనె. డిప్‌స్టిక్ తీస్తే నూనె పాలలా తెల్లగా కనిపిస్తే, ఆ నీరు బేరింగులకూ పంపుకూ చేరిందని గ్రహించాలి. అమ్మేముందు నూనె మార్చి ఉండవచ్చు, అందుకే యాక్సిల్ చివర్ల తడి జాడలు కూడా చూడాలి.

అమ్మేవాళ్లు ముఖ్యంగా మూడు రకాలు. కంపెనీ డీలరు దగ్గర ఎక్స్ఛేంజిలో వచ్చిన బండికి ఛాసిస్ నంబరు చెబితే పాత సర్వీసు వివరాలు దొరికే అవకాశముంది, అడగాలి. ప్రైవేటు యార్డులో కొత్త రంగు ఎక్కువ కనిపిస్తుంది, బోల్టుల మీద కూడా రంగు పడి ఉంటే అది శుభ్రతకు గుర్తు కాదు. ఫైనాన్సు వాళ్లు జప్తు చేసిన బండ్లు చవకగా వచ్చినా, నెలల తరబడి ఎండావానల్లో నిలబడి ఉంటాయి. వాటిని నడిపి చూసే వీలూ తక్కువే. అప్పున్న బండికి ఫైనాన్సరు సంతకం చేసిన ఫారం 35, ఎన్‌ఓసీ లేకుండా, పేరు మార్పుకు 29, 30 ఫారాలు లేకుండా డబ్బు ఇవ్వకూడదు. ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాన్నీ అడగాలి. ఏ రకం డీలరునైనా తూచే ప్రశ్న ఒకటుంది: సొంత రోటావేటర్ తెచ్చి గంటసేపు నడిపి చూడనిస్తారా? వద్దన్న చోట ధర ఎంత తగ్గినా ఎక్కువే.

బ్రాండు ప్రశ్నను ఊరి నుంచి మొదలుపెట్టాలి. మహీంద్రా 575, స్వరాజ్ 744, మాసీ 241 వంటి మోడళ్లు ఏళ్ల తరబడి పొలాల్లో ఉన్నందున వాటి పని తెలిసిన మేస్త్రీలు, విడిభాగాల దుకాణాలు చాలా చోట్ల దొరుకుతాయి. జాన్ డీర్, న్యూ హాలండ్, కుబోటా బండ్లు బాగున్నా, పది పదిహేను కిలోమీటర్లలో వాటి లిఫ్టు విప్పగల మనిషి ఎవరో ముందే కనుక్కోవాలి. దమ్ము సీజన్లో మూడు రోజులు బండి ఆగితే కిరాయి ట్రాక్టర్ వెతుక్కోవాలి. మేస్త్రీని అడగవలసింది ఏ కంపెనీ మంచిదని కాదు, గత ఏడాది ఏ బండి లిఫ్టులు, ఏ పంపులు విప్పాడో అడగాలి. 2023 జనవరి నుంచి యాభై హార్స్ పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో చాలా ఇంజన్లు ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థతో నడుస్తాయి, పాత మైకో పంపు నేర్చిన మేస్త్రీకి అవి లొంగవు, స్కానరు కావాలి.

ఖమ్మం వైపు వరి, పత్తి వేసే ఒక రైతు ముందు ఏడేళ్ల వయసున్న రెండు నలభై ఐదు హార్స్ పవర్ బండ్లు ఉన్నాయనుకుందాం. మొదటిదాని మీటరు 2,600. సర్వీసు పుస్తకం రెండో ఏడాది వెయ్యి గంటల దగ్గర ఆగిపోయింది, వెనక టైర్లు ఒకసారి మారి మళ్లీ మధ్యలో అరిగాయి, బ్రీదర్‌లో పొగ ఉంది. లిఫ్టు మాత్రం కొత్తదానిలా పనిచేస్తుంది, దాన్ని పెద్దగా వాడలేదు కాబట్టి. రెండోదాని మీటరు 4,800, ముద్రలన్నీ వరసగా ఉన్నాయి, నూనె తేటగా ఉంది, బ్రీదర్ శుభ్రం, కానీ వేడిమీద రోటావేటర్ మెల్లగా దిగుతోంది. పక్క ఊరి మేస్త్రీ ఆ మోడల్ లిఫ్టులు తరచూ విప్పుతాడు. మొదటిదానికి ఇంజను పని తప్పదు, రెండోదానికి సీళ్ల పని చాలు. ఆ పని ఖర్చు మేస్త్రీతో రాయించుకుని, ధరలో తగ్గించి, 4,800 గంటల బండినే కొనాలి.